‘దయచేసి’ పక్కనే దాక్కున్న ఎత్తిపొడుపు

ప్రశ్న: చెన్నై అంబత్తూరులో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్‌లో అకౌంట్స్ చూస్తాను. నెల్లూరులో ఒక పచ్చళ్ళ కంపెనీకి ఏప్రిల్‌లో 4,800 పెట్టెలు పంపాం. 30 రోజుల్లో రావాల్సిన డబ్బు జూన్ 20 వచ్చినా రాలేదు. వాళ్ళూ తెలుగువాళ్ళే కాబట్టి మెయిళ్ళు తెలుగులోనే రాస్తాను. రెండు రాశాను, జవాబు లేదు. మూడోది రాసి మా సార్‌కి చూపిస్తే, “ఇందులో అంతా వెటకారమే ఉందమ్మా, ఇది పంపితే కస్టమర్ పోతాడు” అన్నారు. ఒక్క పరుషమైన మాట లేదు, రెండుసార్లు ‘దయచేసి’ అన్నాను. వెటకారం ఎక్కడుంది? డ్రాఫ్ట్ ఇదీ:

“నమస్కారం సార్. మీరు చాలా బిజీగా ఉంటారని మాకు తెలుసు. జూన్ 3న, 12న పంపిన మా మెయిళ్ళు తమరి దృష్టికి రాలేదేమో. ముందే చెప్పినట్టు మా పేమెంట్ గడువు దాటి చాలా రోజులైంది. మీరు అర్జెంట్ అన్నప్పుడల్లా మేము సరుకు టైముకే పంపించాం కదా. దయచేసి కనీసం ఈ మెయిల్‌కైనా జవాబు ఇవ్వగలరు. దయచేసి ఇప్పటికైనా పేమెంట్ సంగతి చూడగలరు. మా ఎండీ గారిని కూడా కాపీలో పెడుతున్నాను. ముందుగానే ధన్యవాదాలు.”

సమాధానం: మీ సార్ చెప్పింది నిజం, మీరు చెప్పిందీ నిజం. పరుషమైన మాట ఒక్కటీ లేదు. కానీ తెలుగులో దెప్పడానికి తిట్టు ఎప్పుడూ అవసరం పడలేదు. ‘వచ్చావా’ అంటే పలకరింపు, ‘ఇప్పటికి వచ్చావా’ అంటే దెప్పు. తేడా అంతా ఆ ఒక్క చిన్న మాటలోనే ఉంది. మీ డ్రాఫ్ట్‌లోని ముళ్ళు కూడా అలాంటి చిన్న మాటల్లోనే ఉన్నాయి. క్రియలూ నామవాచకాలూ శుభ్రంగానే ఉన్నాయి. అందుకే రాసినవాళ్ళకి అవి కనబడవు, చదివినవాళ్ళకి మాత్రం మొదటిసారే తగులుతాయి.

అన్నిటికంటే లోతుగా దిగే ముల్లుతో మొదలుపెడదాం, అది ‘ఐనా’. ‘ఈ మెయిల్‌కి జవాబు ఇవ్వండి’ అంటే అడగడం. ‘ఈ మెయిల్‌కైనా జవాబు ఇవ్వండి’ అన్న క్షణంలో, ఇంతకుముందు రాసినవాటికి ఇవ్వలేదు అన్న ఫిర్యాదు దానంతటదే లోపలికి వచ్చేస్తుంది. ‘ఇప్పటికైనా’, ‘ఈసారైనా’, ‘ఈ నెలలోనైనా’ అన్నీ ఆ కోవలోవే. ఆ ప్రత్యయం వెనక పాత తప్పుల చిట్టా మొత్తం వేలాడుతూ ఉంటుంది. దానికి ముందు ‘కనీసం’ చేరిస్తే, ‘పెద్ద పని ఎలాగూ మీ వల్ల కాదు, ఈ చిన్నదైనా చేయండి’ అన్నట్టవుతుంది. మీ వాక్యంలో రెండూ ఉన్నాయి, పైన ‘దయచేసి’ కూడా ఉంది. అలాంటి వాక్యాన్ని ‘దయచేసి’ మెత్తబరచదు, ఇంకా పదును పెడుతుంది. పళ్ళు బిగించి నవ్వినట్టు ఉంటుంది.

దీనికి మందు తేలికే. ‘కనీసం’ కొట్టేయండి, ‘ఐనా’ కొట్టేయండి, ఖాళీ అయిన చోట ఒక తేదీ పెట్టండి. ‘ఇప్పటికైనా పేమెంట్ సంగతి చూడగలరు’ అన్నది ‘ఈ చెల్లింపు ఏ తేదీన చేస్తారో జూన్ 25 లోపు తెలపండి’ అవుతుంది. రెండో వాక్యం మొదటిదానికంటే మెత్తనిదేమీ కాదని గమనించండి. నిజానికి అది ఇంకా గట్టిది, ఎందుకంటే దాన్నుంచి తప్పించుకోవడం కష్టం. ‘సంగతి చూడగలరు’ అంటే ‘చూస్తున్నాం’ అని రాసి ఊరుకోవచ్చు. తేదీ అడిగితే తేదీయే చెప్పాలి. మామూలుగా ఎత్తిపొడుపు పుట్టేదే అడగాల్సింది సూటిగా అడగని చోట. సూటిగా అడిగాక దాని అవసరం ఉండదు.

ఇక్కడే ‘చూడగలరు’, ‘ఇవ్వగలరు’ గురించి ఒక మాట. ఆఫీసు తెలుగులో ‘పంపగలరు’, ‘గమనించగలరు’ అంటే మర్యాదగా చెప్పిన ఆజ్ఞ, అందులో తప్పు లేదు. అయితే దానికి ముందు ‘కనీసం’, ‘ఇప్పటికైనా’ లాంటివి వచ్చాయంటే ఆ ‘గలరు’ తన అసలు అర్థానికి వెళ్ళిపోతుంది. ‘ఇప్పటికైనా చూడగలరు’ చదివినవాడికి ‘చూడగలరో లేదో’ అని వినిపిస్తుంది. ‘పంపండి’, ‘తెలపండి’ వాడితే ఆ చిక్కు రాదు. ‘అండి’ చివర ఉండగా తెలుగువాళ్ళెవరూ దాన్ని అమర్యాద అనుకోరు.

తర్వాతది ‘ఏమో’. ‘మా మెయిళ్ళు తమరి దృష్టికి రాలేదేమో’ అన్నారు. నిజంగా మీకు ఆ అనుమానం ఉందా? అదే ఐడీకి గతంలో కొటేషన్ పంపితే జవాబు వచ్చే ఉంటుంది, లేకపోతే ఆర్డరే వచ్చేది కాదు. చేరిందని మీకూ తెలుసు, మీకు తెలుసని వాళ్ళకీ తెలుసు. తెలిసి కూడా తెలియనట్టు అడిగిన ప్రశ్న ఎత్తిపొడుపు కాక మరేమవుతుంది? ఇంగ్లీషు మెయిళ్ళలో ‘నాట్ షూర్ ఇఫ్ యు సా మై లాస్ట్ మెయిల్’ అని రాసేది సరిగ్గా ఇదే.

ఇలాంటి వాక్యం నిజమైన ప్రశ్నో కాదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. అవతలివాళ్ళు దానికి పనికొచ్చే జవాబు ఇవ్వగలరా అని చూడండి. ‘దృష్టికి రాలేదేమో’కి వాళ్ళు ఏం రాస్తారు? ‘వచ్చింది’ అంటే తప్పు ఒప్పుకున్నట్టు, ‘రాలేదు’ అంటే అబద్ధం. రెండూ ఇబ్బందే కనుక మూడో దారి పడతారు, అంటే మళ్ళీ మౌనం. అదే ‘చెల్లింపులు వేరేవారు చూస్తుంటే వారి మెయిల్ ఐడీ ఇవ్వండి’ అన్నారనుకోండి, దానికి జవాబు ఉంది, అది మీకు పనికొస్తుంది, పైగా వాళ్ళ పరువుకి ఏ లోటూ రాదు. చిన్న కంపెనీల్లో ఆర్డర్ ఇచ్చే పర్చేజ్ మనిషి ఒకరు, డబ్బు వేసే అకౌంట్స్ మనిషి మరొకరు ఉండటం మామూలే. మీ రెండు మెయిళ్ళూ అసలు సంబంధం లేని మనిషి దగ్గర పడి ఉండే అవకాశం నిజంగానే ఉంది.

‘తమరి’ అన్న మాట ఎలా దూరిందో చూసుకోండి. పై వాక్యంలో ‘మీరు’, కింద ‘అర్జెంట్’ వాక్యంలో ‘మీరు’, మధ్యలో మాత్రం ‘తమరి’. మనకి కోపం వచ్చినప్పుడు మర్యాద పెరుగుతుంది. ఇంట్లో ఎప్పుడూ ‘నువ్వు’ అనే అన్నయ్యని ఒకరోజు ‘తమరు’ అంటే ఆ రోజు ఇంట్లో ఏదో జరిగిందన్నమాట. మెయిల్లోనూ అంతే, మొదటి ఉత్తరంలో ఏ స్థాయి మర్యాద వాడారో మూడోదానిలోనూ అదే ఉండాలి. పాత మెయిల్ తెరిచి పక్కన పెట్టుకుని చూడండి. అందులో ‘సార్’ ఉంటే ఇందులోనూ ‘సార్’, అందులో ‘మీకు’ ఉంటే ఇందులోనూ ‘మీకు’. ఒక మెట్టు పైకి ఎక్కినా ఒక మెట్టు దిగినా అవతలివాళ్ళు కనిపెడతారు.

‘కదా’ సంగతి కొంచెం వేరు, అది మాట్లాడేటప్పుడు మంచి మాట. ‘రేపు వస్తారు కదా’ అని నోటితో అంటే చనువు, గొంతు ఆ పని చేసిపెడుతుంది. కాగితం మీద గొంతు ఉండదు. ‘మీరు అర్జెంట్ అన్నప్పుడల్లా మేము టైముకే పంపించాం కదా’ అని రాస్తే, ‘మేము చేశాం, మరి మీరో?’ అన్న తర్వాతి వాక్యాన్ని చదివేవాళ్ళు తామే పూర్తి చేసుకుంటారు. పైగా ఆ వాక్యం చెప్పేది నిజమే అయినా ఈ బిల్లుకి అది అక్కర్లేదు. అలా చెప్పడం లెక్క కట్టడమే, చేసిన మేలుకి బిల్లు వేసినట్టు ఉంటుంది. దీనికి మార్పు మాట ఏదీ లేదు, వాక్యాన్నే తీసేయాలి.

‘ముందే చెప్పినట్టు’ని సగం మాత్రమే తప్పుపడతాను. ఇంగ్లీషులో ‘యాజ్ పర్ మై లాస్ట్ మెయిల్’కి ఎంత చెడ్డపేరు వచ్చిందో తెలిసిందే, అయినా ముందు రాసినదాన్ని ప్రస్తావించడం ఒక్కోసారి తప్పదు. చిక్కంతా ‘ముందే’ చివరి ‘ఏ’లో ఉంది, ‘చెప్పినా వినలేదు’ అన్న అర్థాన్ని మోసుకొచ్చేది అదే. ‘జూన్ 12 మెయిల్‌లో రాసిన బిల్లు వివరాలు మళ్ళీ కింద ఇస్తున్నాను’ అంటే ప్రస్తావన ఉంటుంది, నింద ఉండదు, వాళ్ళు పాత మెయిల్ వెతుక్కునే పనీ తప్పుతుంది. ఈ ‘మళ్ళీ’ వివరాలకి అంటుకుంది కాబట్టి ఫరవాలేదు. ‘మళ్ళీ గుర్తుచేస్తున్నాను’ అంటే మాత్రం అది మీ విసుగుకి అంటుకుంటుంది.

‘మీరు చాలా బిజీగా ఉంటారని మాకు తెలుసు’ అన్నది మొదటి మెయిల్లో రాసి ఉంటే మర్యాదే. మూడోదాని మొదట్లో అది ‘ఒక మెయిల్ రాసే తీరిక కూడా లేనంత గొప్పవారు’ అన్నట్టు చదవబడుతుంది. మీరు అలా అనుకుని రాయకపోయినా, కింద ఉన్న ‘కనీసం’ ఆ అర్థాన్ని పైకి పంపిస్తుంది. ఒక ముల్లు ఉంటే పక్కనున్న మంచి మాటలు కూడా ముళ్ళలా కనబడతాయి, అందుకే ఒకటి రెండు దిద్ది ఊరుకోవడం కుదరదు.

‘ముందుగానే ధన్యవాదాలు’ చిన్న విషయం. చేయని పనికి రసీదు ఇచ్చినట్టు ఉంటుంది, ‘ముందుగానే’ తీసేస్తే సరిపోతుంది.

కాపీ సంగతి మాత్రం చిన్నది కాదు. ‘మా ఎండీ గారిని కూడా కాపీలో పెడుతున్నాను’ అని మెయిల్ లోపల ప్రకటించాల్సిన పనేముంది? సీసీ గడిలో పేరు అందరికీ కనబడుతుంది. పనిగట్టుకుని చెప్పారంటే అది బెదిరింపు అని అర్థం, ‘కూడా’ అన్న మాట దానికి వత్తు. మీ ఎండీని కాపీలో పెట్టడం నిజంగా అవసరమైతే కారణం పని రూపంలో చెప్పండి. ‘చెల్లింపు తేదీ మార్చాల్సి వస్తే ఆ నిర్ణయం మా ఎండీ గారు తీసుకోవాలి, అందుకే వారిని సీసీలో చేర్చాను’ అంటే ఆయన అక్కడ ఎందుకున్నారో తెలుస్తుంది. అవతలివాళ్ళ యజమానిని చెప్పాపెట్టకుండా సీసీలో పెట్టడం ఇంకా పెద్ద అడుగు. అది వేయాలంటే ముందు ఫోన్ చేసి ఉండాలి, అది వేయాల్సింది కూడా మీరు కాదు, మీ సార్.

ఇప్పుడు అసలు లోపానికి వద్దాం. మీ డ్రాఫ్ట్‌లో పలకరింపు కాక ఎనిమిది వాక్యాలున్నాయి. వాటిలో బిల్లు నంబరు లేదు, మొత్తం ఎంతో లేదు, గడువు ఏ రోజున ముగిసిందో లేదు. ‘చాలా రోజులైంది’ అని ఉంది. నెల్లూరులో మీ మెయిల్ తెరిచిన మనిషి డబ్బు వేద్దామనుకున్నా, ఎంత వేయాలో దేనికి వేయాలో అందులో దొరకదు. కోపం వచ్చినప్పుడు వివరాలు జారిపోతాయి, వాటి చోటు భావం ఆక్రమిస్తుంది. ఏ వాక్యం భావానిది, ఏది పనిది అని తేల్చుకోవడానికి వరసగా ఒక్కో వాక్యాన్నీ వేలితో మూసి, ‘ఇది లేకపోతే వాళ్ళు చేయాల్సిన పని ఆగుతుందా?’ అని అడగండి. మీ ఎనిమిదిలో ఆ పరీక్షకి నిలిచేది గడువు వాక్యం ఒక్కటే, అదీ తేదీ చేరిస్తేనే.

‘చాలా రోజులు’ అనడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ‘చాలా’ అన్నది మీ తీర్పు, దానితో వాళ్ళు వాదించొచ్చు. ‘గడువు మే 18తో ముగిసింది’ అన్నది క్యాలెండర్, దానితో ఎవరూ వాదించరు. ‘పదేపదే’, ‘ఎన్నిసార్లు’, ‘ఇంతవరకూ’ లాంటి కొలతలేని మాటలన్నిటికీ ఇదే చికిత్స. వాటి వెనక ఏదైనా అంకె ఉంటే అంకె రాయండి, లేకపోతే మాట తీసేయండి.

వాక్యాల్లో కర్తని మార్చడం కూడా బాగా పనికొస్తుంది. ‘మీరు డబ్బు పంపలేదు’లో కర్త మనిషి, క్రియ వ్యతిరేకం. ఆ రెండూ కలిస్తే నింద అవుతుంది. ‘బిల్లు 214 మొత్తం ఈరోజు వరకు మా ఖాతాలో జమ కాలేదు’లో కర్త డబ్బు. జరిగింది అదే, ఎవరి మీదా వేలు చూపలేదు. డ్రాఫ్ట్ అయ్యాక ‘మీరు’, ‘మీ’ ఉన్న చోట్లన్నీ వెతకండి. దాని తర్వాత ‘లేదు’, ‘కాలేదు’, ‘ఇవ్వలేదు’ ఉంటే కర్తని మార్చండి. ‘మీరు ఈ తేదీ తెలపండి’ లాంటి చోట అలాగే ఉంచండి, అడగాల్సింది మనిషినే కదా.

మార్చిన మెయిల్ ఇలా ఉండొచ్చు. బిల్లు నంబరు, మొత్తం, సరుకు అందిన తేదీ నేను వేసుకున్నవి, మీవి పెట్టుకోండి.

“సబ్జెక్ట్: బిల్లు నం. 214, ₹86,400, చెల్లింపు తేదీ

నమస్కారం సార్,

ఏప్రిల్ 18న మీకు అందిన 4,800 అట్టపెట్టెల బిల్లు నం. 214 గురించి రాస్తున్నాను. మొత్తం ₹86,400. 30 రోజుల గడువు మే 18తో ముగిసింది. ఈరోజు, జూన్ 20 వరకు, ఈ మొత్తం మా ఖాతాలో జమ కాలేదు.

చెల్లింపు ఏ తేదీన చేస్తారో జూన్ 25 లోపు తెలపండి.

బిల్లులోగానీ, సరుకు లెక్కలోగానీ, జీఎస్టీ వివరాల్లోగానీ తేడా ఉండి ఆగితే అదేమిటో రాయండి, మరుసటి రోజుకల్లా సరిచేసి పంపుతాను. చెల్లింపులు వేరేవారు చూస్తుంటే వారి మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు ఇవ్వండి.

బిల్లు, మీ సంతకం ఉన్న డెలివరీ చలాన్ జత చేశాను.

ధన్యవాదాలు.”

ఇందులో ‘దయచేసి’ ఒక్కసారి కూడా లేదు, లేని లోటు కూడా తెలియడం లేదు. పెట్టాలనిపిస్తే ‘తెలపండి’ ముందు ఒక్కటి పెట్టుకోండి, అంతకు మించి వద్దు. సబ్జెక్ట్‌లో ‘మూడో రిమైండర్’, ‘చివరిసారి’, ‘అర్జెంట్’ రాయలేదు. లెక్కబెట్టి చూపితే మొదటి మూడు సెకన్లలోనే తలుపు మూసుకుంటారు. పాత మెయిళ్ళున్న వరసలోనే జవాబుగా పంపండి, రికార్డు ఒకచోట ఉంటుంది. కానీ పైన ఏమీ రాయకుండా ‘కింది మెయిల్ చూడగలరు’ అని మాత్రం పెట్టి పంపడం కూడా ఒక దెప్పే, వివరాలు పైనే ఉండాలి.

‘తేడా ఉండి ఆగితే’ అన్న వాక్యం అలంకారానికి పెట్టింది కాదు, దాని మీద కొంచెం ఆగాలి. పంపేముందు తప్పు మీ వైపు ఉందేమో చూసుకోండి. మీ యూనిట్ టర్నోవర్ ₹5 కోట్లు దాటకపోతే, జీఎస్టీ రిటర్న్ మూడు నెలలకోసారి వేసే పద్ధతిలో ఉండి ఉండొచ్చు. ఆ పద్ధతిలో ఏప్రిల్ బిల్లుని, నెలనెలా బిల్లులు ఎక్కించుకునే ఐఎఫ్ఎఫ్‌లో మే 13 లోపు ఎక్కించి ఉంటే, మే 14న తయారయ్యే కొనుగోలుదారు క్రెడిట్ పట్టిక జీఎస్టీఆర్-2బీలో అది కనబడుతుంది. అప్పుడూ, తర్వాత మే నెల ఐఎఫ్ఎఫ్‌లోనూ ఎక్కించకపోతే, ఆ మూడు నెలల అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 వేసేదాకా, అంటే జులై మధ్య వరకు, ఆ బిల్లు వాళ్ళకి కనబడదు. కనబడనిదే వాళ్ళకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. క్రెడిట్ కనబడ్డాకే డబ్బు వేద్దామని ఆగే కొనుగోలుదారులు చాలామందే ఉంటారు. ఇంకొన్నిచోట్ల బిల్లు మీద పర్చేజ్ ఆర్డర్ నంబరు లేదనో, చలాన్‌లో 4,800 ఉంటే గోడౌన్‌లో దించుకున్నవి 4,750 అనో ఫైలు పక్కన పడి ఉంటుంది. కారణం ఇలాంటిదైతే, ‘కనీసం ఈ మెయిల్‌కైనా’ అని రాసిన వారం తర్వాత మీరే క్షమాపణ రాయాల్సి వస్తుంది. సూటిగా రాసిన మెయిల్‌కి ఆ భయం ఉండదు, తప్పు ఎవరిదని తేలినా అందులోని ప్రతి వాక్యం నిలబడుతుంది.

ఒక్కటి జాగ్రత్త, ముళ్ళు తీస్తున్నామని వెన్నెముక తీసేయకండి. సార్ కోప్పడ్డారని చాలామంది రెండో చివరకి పోయి, ‘ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి, మీకు వీలున్నప్పుడు, కుదిరితే చూడండి’ అని రాస్తారు. రావాల్సిన డబ్బు అడగడానికి క్షమాపణ ఎందుకు? ‘వీలున్నప్పుడు’ అంటే వీలు ఎప్పటికీ కాదు. పైగా మొదటి రెండు మెయిళ్ళ తర్వాత ఇంత మెత్తదనం వస్తే అది కూడా వెటకారంగానే వినబడే ప్రమాదం ఉంది.

చట్టం ఊసు కూడా ఈ మెయిల్లో వద్దు. మీది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ లేదా చిన్న తయారీ సంస్థ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు మించకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా లెక్కగట్టే చక్రవడ్డీ అడిగే హక్కు మీకుంది. ఏప్రిల్ 18 నుంచి లెక్కేస్తే ఆ 45 రోజులు జూన్ 2తోనే అయిపోయాయి. ఈ హక్కు వాడుకోదలిస్తే అది మీ సార్ సంతకంతో, వడ్డీ లెక్కతో, వేరే ఉత్తరంగా వెళ్ళాలి. ‘చట్టం దాకా వెళ్ళే పరిస్థితి రాదనుకుంటున్నాం’ అని అకౌంట్స్ మెయిల్ చివర తగిలించడం మాత్రం అన్నిటికంటే చెడ్డ ఎత్తిపొడుపు. అది నోటీసూ కాదు, మర్యాదా కాదు.

మీ దగ్గర ఇంగ్లీషులో రాయాల్సిన కస్టమర్లు కూడా ఉంటారు, చెన్నైలో ఎక్కువమంది వాళ్ళే. అక్కడా పద్ధతి ఇదే. ‘జెంటిల్ రిమైండర్’ మన ఆఫీసుల్లో ఎంత అరిగిపోయిందంటే ఇప్పుడు అందులో జెంటిల్ ఏమీ మిగల్లేదు, బిల్లు నంబరే సబ్జెక్ట్‌గా పెట్టండి. ‘కైండ్లీ రివర్ట్ ఎట్ ద ఎర్లియెస్ట్’ బదులు ‘ప్లీజ్ కన్ఫర్మ్ ద పేమెంట్ డేట్ బై 25 జూన్’ అంటే చాలు.

వాట్సాప్‌లో అయితే మాటలు కూడా అక్కర్లేదు, గుర్తులే దెప్పుతాయి. ఒంటరిగా పంపిన ప్రశ్నార్థకం, ‘హలో??’, బ్లూ టిక్ పడ్డాక ‘చూసినట్టున్నారు’ అన్న మెసేజ్, ఇవన్నీ ‘కనీసం’కి తోబుట్టువులే. మెయిల్ పంపిన గంటకే వాట్సాప్‌లో ‘మెయిల్ పెట్టాను’ అని పొడవడం కూడా మానేయండి. మీరే 25 వరకు టైమిచ్చారు, 25 దాకా ఆగండి.

డ్రాఫ్ట్ చివరి పరీక్షకి మీ సార్‌నే వాడుకోండి. మెయిల్ ఆయన చేతికిచ్చి చదవమనకండి, ఆయన్ని పైకి చదివి వినిపించమనండి. రాసినవాళ్ళు చదివితే తమ గొంతులోని మంచితనం కలిపి చదువుతారు, వేరేవాళ్ళు కాగితం మీద ఉన్నదే చదువుతారు. చదువుతూ ఆయన గొంతు ఎక్కడైనా సాగినా, కనుబొమ్మ లేచినా ఆ మాటే ముల్లు. ఎవరూ అందుబాటులో లేకపోతే, మీ ఇంటి ఓనరు అద్దె గురించి మీకు అవే మాటలు పంపాడనుకుని చదవండి. ‘కనీసం ఈ నెలైనా అద్దె సంగతి చూడగలరు’ అని వస్తే మీకెలా ఉంటుందో, నెల్లూరులో వాళ్ళకీ అలాగే ఉంటుంది.

25 దాటినా జవాబు రాకపోతే నాలుగో మెయిల్ రాయకండి. ఉదయం 11 గంటల ప్రాంతంలో, సరుకు దించే హడావుడి తగ్గాక, ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసి అకౌంట్స్ సెక్షన్ అడగండి. ‘మెయిల్ చూశారా’ అని మొదలుపెట్టొద్దు. ‘బిల్లు 214 మీ దగ్గర ఏ స్థితిలో ఉందండీ’ అని అడగండి. వాళ్ళు చెప్పింది ఫోన్ పెట్టేయగానే రెండు వాక్యాల్లో అదే మెయిల్ వరసలో పెట్టండి: “ఇప్పుడు ఫోన్‌లో చెప్పినట్టు, సవరించిన బిల్లు అందాక జూలై 2న చెల్లింపు చేస్తామన్నారు. సవరించిన బిల్లు జత చేశాను.” ఇక్కడ ‘చెప్పినట్టు’ ఉంది, ‘ముందే’ లేదు.